మాక్ డ్రిల్ సమీక్ష రికార్డింగ్ నుంచి పనుల పట్టిక దాకా: అమ్మోనియా లీకు డ్రిల్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

మాక్ డ్రిల్ అయిపోయాక అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం, ఆ మాటల్ని ఫోనులో రికార్డు చేయడం ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో ఉన్నదే. మర్నాడు ఆ రికార్డింగు ఒకరి చేతికి వస్తుంది, రిపోర్టు రాసి పెట్టమంటారు. సాధారణంగా వచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: “డ్రిల్ విజయవంతంగా జరిగింది. కొన్ని లోపాలు గుర్తించడమైనది. కార్మికులకు తగిన అవగాహన కల్పించవలెను.” ఆ వాక్యాలు చదివి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేరు. ఆరు నెలల తర్వాత జరిగే డ్రిల్‌లో అవే లోపాలు మళ్లీ కనిపిస్తాయి.

గంటసేపటి మాటల్లోంచి నిజంగా జరిగినదేమిటో తేల్చడం, దానికి కారణం వెతకడం, ఒక్కో కారణానికి ఒక్కో మనిషి పూర్తిచేయగల పనిని రాయడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అమ్మోనియా లీకు డ్రిల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కోస్తా జిల్లాల్లో ఇలాంటి ప్లాంట్లు చాలా ఉన్నాయి. వీటి ఫ్రీజర్లను చల్లబరిచేది ఎక్కువగా అమ్మోనియాయే. లోపల వందలమంది పనిచేస్తుంటారు, వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద వచ్చిన మహిళలు. కింద ఇచ్చే సమయాలు, అంకెలు, మాటలు పద్ధతిని చూపించడానికి నేను అమర్చినవి. ఆ లోపాలు మాత్రం ఇలాంటి చోట్ల సహజంగా ఎదురయ్యేవే.

చట్టం సంగతి ఒక్కమాటలో చెబుతాను. 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల ప్రకారం, నిర్ణీత పరిమాణానికి మించి ఇలాంటి రసాయనాలు ఉంచే సంస్థలు తమ ఆవరణలోని అత్యవసర ప్రణాళికపై ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలి. దాని వివరమైన నివేదికను సంబంధిత అధికారికి వెంటనే అందుబాటులో ఉంచాలి. మీ ప్లాంటులో నిల్వ ఆ పరిమాణం కన్నా తక్కువే అయినా ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదటి అడుగు: వినడానికి ముందు కాగితాలు తెచ్చుకోండి

రికార్డింగులో ఉండేది మనుషుల జ్ఞాపకం. డ్రిల్ అయిన గంటకే జ్ఞాపకం మారిపోతుంది. అందుకే ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ముందు నాలుగు వస్తువులు బల్లమీద ఉండాలి: డ్రిల్ ఊహాచిత్రం రాసిన కాగితం, పరిశీలకులు సమయాలు రాసుకున్న షీట్లు, ఆ రోజు గేటు రిజిస్టరు, అమల్లో ఉన్న అత్యవసర ప్రణాళిక. నాలుగోది చాలామంది తెచ్చుకోరు. దాని అవసరం ఎంతో కాసేపట్లో తెలుస్తుంది.

గడియారాల తేడా కూడా ముందే సరిచూడాలి. సీసీ కెమెరా గడియారం అసలు సమయం కన్నా మూడు నిమిషాలు ముందుంటే, దాన్ని పరిశీలకుడి చేతిగడియారంతో కలిపి రాసిన కాలక్రమమంతా తప్పుతుంది. సైరన్ మోగిన క్షణం అందరికీ తెలుసు, కెమెరాలో మనుషులు ఒక్కసారిగా తలెత్తిన క్షణమూ కనిపిస్తుంది. ఆ రెంటినీ పోల్చి తేడా ఎంతో కాగితం పైభాగాన రాసుకుని, ఆ తర్వాత ఒకే గడియారాన్ని ఆధారంగా పెట్టుకోండి.

మాట్లాడినవాళ్లకు రికార్డు చేస్తున్నట్టు చెప్పారో లేదో కూడా కనుక్కోండి. చెప్పకపోతే ఆ మాటల్ని యథాతథంగా రిపోర్టులో పెట్టవద్దు. వాటిలోని సమాచారాన్ని వేరే ఆధారంతో నిర్ధారించుకుని రాయండి.

రెండో అడుగు: మొదటిసారి వినేటప్పుడు సారాంశం రాయకండి

మొదటి విడతలోనే రాయడం మొదలుపెడితే, ముందు మాట్లాడినవాళ్ల మాటే రిపోర్టుకు వెన్నెముక అవుతుంది. ముందు మాట్లాడేది ఎప్పుడూ పెద్ద హోదావారే. మన ఉదాహరణలో 52 నిమిషాల రికార్డింగు ఉందనుకుందాం. నాలుగో నిమిషంలో ప్లాంటు మేనేజరు అంటారు: “ఎనిమిది నిమిషాల్లో అందరూ బయటికొచ్చేశారు, చాలా బాగా చేశారు.” ఆ తర్వాత పది నిమిషాలపాటు మాట్లాడిన ప్రతివారూ అదే మాటను ఏదో ఒక రూపంలో సమర్థిస్తారు. 23వ నిమిషంలో గ్రేడింగ్ విభాగం సూపర్‌వైజరమ్మ మెల్లగా అంటుంది: “మా వాళ్లిద్దరు ఫ్రీజర్ దగ్గరున్నారండీ. వాళ్లకు సైరన్ వినపడలేదు. నేనే వెళ్లి తీసుకొచ్చాను.” ఎవరో “సరే సరే, అది చూద్దాం” అంటారు, చర్చ వేరే విషయానికి వెళ్లిపోతుంది. 41వ నిమిషంలో, అందరూ లేవబోతున్నప్పుడు, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు అంటాడు: “పగలు కాబట్టి సరిపోయిందండీ. రాత్రి అయితే గాలి మా గేటు వైపే వస్తుంది.” దానికి ఎవరూ జవాబివ్వరు.

ఈ రెండు మాటలూ రికార్డింగులో కలిపి అర నిమిషం ఉండవు. డ్రిల్ నేర్పింది చాలావరకు వాటిలోనే ఉంది. కాబట్టి మొదటిసారి వినేటప్పుడు ఎవరెంతసేపు మాట్లాడారన్న లెక్క వదిలేసి, ప్రతి విషయానికి నిమిషం, సెకను మాత్రం గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి. గొంతు తగ్గిన చోట, ఒకరి మాటను ఇంకొకరు మధ్యలో ఆపిన చోట, జవాబు రాని చోట నక్షత్రం పెట్టండి. రెండోసారి ఆ నక్షత్రాల దగ్గర మాత్రమే ఆగి, పదం పదం రాసుకోండి. రికార్డింగు మొత్తాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయడం నా దృష్టిలో సమయం వృథా. దానికి పట్టే సమయాన్ని ఆధారాలు సరిచూడటానికి వాడండి.

రాసుకునేటప్పుడు ప్రతి మాట పక్కన ఒక అక్షరం వేయండి. కళ్లారా చూసి చెప్పింది అయితే ‘చూ’, ఊహించి చెప్పింది అయితే ‘ఊ’, ఇలా చేస్తే బాగుంటుందన్న సలహా అయితే ‘స’. “సైరన్ వినపడలేదు” అన్నది ఆ ఇద్దరు చెబితే ‘చూ’, వారి తరఫున వేరొకరు చెబితే ‘ఊ’. “వాళ్లు పట్టించుకోలేదు” ఎప్పుడూ ‘ఊ’ కిందికే వస్తుంది, ఎందుకంటే ఎదుటివారి మనసును ఎవరూ చూడలేరు. “ఇంకో సైరన్ పెడదాం” అన్నది ‘స’. సమీక్షల్లో సలహాలు చాలా త్వరగా వస్తాయి. కారణం తేలకముందే వచ్చిన సలహాను నేరుగా పనుల పట్టికలోకి ఎక్కిస్తే, లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది.

మూడో అడుగు: కాలక్రమం కట్టండి, మాటల్ని దానితో సరిచూడండి

ఇప్పుడు మాటల్ని పక్కన పెట్టి, పరిశీలకుల షీట్లు, కెమెరా, గేటు రిజిస్టరు చూసి ఒక్క పేజీ కాలక్రమం రాయండి. మన డ్రిల్‌లో అది ఇలా వస్తుంది.

ఉదయం 11:00కు లిక్విడ్ రిసీవర్ దగ్గర ఫ్లాంజి నుంచి లీకు అవుతోందన్న చీటీని పరిశీలకుడు కంప్రెసర్ గదిలోని ఆపరేటరు చేతికిచ్చాడు. 11:02కు ఆపరేటరు షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఫోను చేశాడు. 11:06కు సైరన్ మోగింది. 11:14కు అసెంబ్లీ పాయింట్‌కు రావడం దాదాపు ఆగింది. 11:19కు మొదటి లెక్క 186 అని వచ్చింది. గేటు రిజిస్టరు ప్రకారం లోపల ఉండాల్సినవారు 188. 11:21కు సూపర్‌వైజరమ్మ మళ్లీ లోపలికి వెళ్లడం కెమెరాలో కనిపించింది. 11:27కు ఆమెతోపాటు మిగతా ఇద్దరూ బయటికి వచ్చారు. 11:29కు లెక్క సరిపోయింది.

ఈ పేజీ ముందుంటే, మేనేజరు చెప్పిన ఎనిమిది నిమిషాల మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. సైరన్ మోగినప్పటి నుంచి జనం రావడం ఆగేవరకు ఎనిమిది నిమిషాలు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన నిలబడ్డ చోటి నుంచి కనిపించింది అదే. కానీ లీకు తెలిసినప్పటి నుంచి చివరి మనిషి బయటికి వచ్చేవరకు 27 నిమిషాలు పట్టింది. రిపోర్టులో రెండు అంకెలూ ఉండాలి, ఏ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికో స్పష్టంగా రాయాలి. “ఖాళీ చేయడానికి పట్టిన సమయం” అని ఊరికే రాస్తే, చదివేవాళ్లు తమకు నచ్చిన అంకెను తీసుకుంటారు.

కాలక్రమం ఇంకొకటి కూడా బయటపెట్టింది. లీకు ఉన్న ఆవరణలోకి ఒక మనిషి ఏ రక్షణా లేకుండా, ఎవరికీ చెప్పకుండా తిరిగి వెళ్లింది. సమీక్షలో ఎవరూ దాన్ని లోపంగా చెప్పలేదు. పైగా ఒకరు మెచ్చుకున్నారు కూడా. ఆమె ధైర్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయినా నిజంగా లీకు జరిగి ఉంటే, వెతకాల్సినవారి సంఖ్య ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగేది.

మాటల్లో అసలే రాని విషయాల కోసం కూడా ఓసారి చూడాలి. రొయ్యలు తెచ్చిన లారీ డ్రైవర్లు, క్యాంటీన్ మనిషి, ఆ రోజు మరమ్మతుకు వచ్చిన మెకానిక్ ఆ 188లో ఉన్నారా? ఎవరూ అడగలేదు. అప్పుడు రిపోర్టులో “ప్రాసెసింగ్ కార్మికులు, సిబ్బంది లెక్క మాత్రమే సరిచూశాం, బయటివారి లెక్క ఈ డ్రిల్‌లో పరీక్షించలేదు” అని నిజాయితీగా రాయండి. పరీక్షించనిదాన్ని బాగున్నవాటి జాబితాలో చేర్చకూడదు.

నాలుగో అడుగు: ప్రతి తేడాకు కారణం వెతకండి

ఇది అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టే అడుగు, పట్టనివ్వండి. ఒక్కో తేడాకు నాలుగు వాక్యాలు రాయాలి: ఏం జరగాలి, ఏం జరిగింది, తేడా ఎంత, ఎందుకు. మొదటి మూడూ కాలక్రమంలో దొరుకుతాయి. నాలుగోదాని దగ్గరే రిపోర్టులు దెబ్బతింటాయి.

సైరన్ ఆలస్యాన్నే తీసుకోండి. ఆపరేటరుకు లీకు తెలిసింది 11:00కు, సైరన్ మోగింది 11:06కు. రికార్డింగులో ఈ విషయం మీద మాటలు ఇలా ఉన్నాయనుకోండి.

“నేను ఇన్‌ఛార్జి గారికి ఫోన్ చేశానండీ.”

“నీ పక్కనే బటన్ ఉంది కదయ్యా, నువ్వే నొక్కాల్సింది.”

“ఇక ముందు అలాగే చేస్తానండీ.”

చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగి, “ఆపరేటరు సైరన్ నొక్కడంలో ఆలస్యం చేశాడు, అతనికి శిక్షణ ఇవ్వాలి” అని రాస్తాయి. నాలుగో కాగితాన్ని ఇప్పుడు తీయండి. అత్యవసర ప్రణాళికలో ఆ పేజీ చూస్తే, “షిఫ్ట్ ఇన్‌ఛార్జి అనుమతితో సైరన్ మోగించవలెను” అని ఉంది. ఆపరేటరు రాసి ఉన్నట్టే నడుచుకున్నాడు. రాత్రి ఇన్‌ఛార్జి ఫోను ఎత్తకపోతే ఏం చేయాలో ఆ కాగితం చెప్పదు. అంటే ఇక్కడ కారణం మనిషి కాదు, ప్రణాళికలోని ఒక వాక్యం. శిక్షణ ఎంత ఇచ్చినా ఆ వాక్యం అలాగే ఉంటే, రేపు అనుమతి లేకుండా నొక్కి తిట్లు తినడానికి ఏ ఆపరేటరూ సిద్ధపడడు.

సైరన్ విషయంలో నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు, చుట్టుపక్కల జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదన్నది ఆ తర్వాత జరిగిన విచారణలో ప్రధానంగా చర్చకు వచ్చిన లోపాల్లో ఒకటి. సైరన్ ఉండటం, దాన్ని నొక్కే అధికారం అక్కడున్న మనిషికి ఉండటం వేర్వేరు సంగతులు. డ్రిల్ సమీక్షలో రెండోదాని గురించి తప్పక అడగాలి.

ఇక ఫ్రీజర్ దగ్గరి ఇద్దరి సంగతి. రికార్డింగులో మూడు వివరణలు వినిపిస్తాయి. ఒకరు వాళ్లు మాటల్లో పడి పట్టించుకోలేదంటారు. ఇంకొకరు “లోపల బెల్ ఉంది కదా” అంటారు. సూపర్‌వైజరమ్మ సైరన్ లోపలికి వినపడదంటుంది. మొదటిది ‘ఊ’. రెండోది వినడానికి గట్టిగా ఉంటుంది గానీ, ఫ్రీజర్ గదిలో ఉండే ఆ బెల్ పని వేరు. లోపల ఎవరైనా ఇరుక్కుపోతే బయటివాళ్లను పిలవడానికి దాన్ని పెడతారు. అది బయట మోగుతుంది, బయటి సైరన్‌ను లోపలికి వినిపించదు. ఈ రెంటినీ కలగలపడం తరచుగా జరిగేదే. ఆ మాటను అలాగే రిపోర్టులోకి ఎక్కిస్తే, చదివిన అధికారి ఏర్పాటు ఉందనుకుని ముందుకు వెళ్లిపోతారు. మూడోది నిజమో కాదో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ముందే అందరికీ చెప్పి, ఒకరిని ఫ్రీజర్ గదిలో నిలబెట్టి, తలుపు మూసి, ఫ్యాన్లు తిరుగుతుండగా సైరన్ మోగించి చూడాలి. మన ఉదాహరణలో వినపడలేదు. మందమైన ఇన్సులేషన్ తలుపు, పెద్ద ఫ్యాన్ల హోరు కలిస్తే వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు అది ‘చూ’ అయింది.

గార్డు చెప్పిన గాలి మాటను కూడా ఇలాగే పరీక్షించాలి. తూర్పు తీరంలో చాలా రోజులు పగటిపూట సముద్రం నుంచి లోపలికి, రాత్రిపూట నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. ఈ ప్లాంటులో కంప్రెసర్ గది పడమటన, గేటు, అసెంబ్లీ పాయింట్ తూర్పున ఉన్నాయి. ఉదయం 11కు డ్రిల్ జరిగింది కాబట్టి జనం గాలికి ఎదురువైపు, సురక్షితంగా నిలబడ్డారు. అదే రాత్రి అయితే 188 మందీ లీకు మీదుగా వచ్చే గాలిలో వరుసగా నిలబడేవారు. అమ్మోనియా గాలికన్నా తేలిక, పైకి పోతుందిలే అని ఎవరైనా అనవచ్చు. ఒత్తిడిలో ఉన్న ద్రవం ఒక్కసారిగా బయటపడితే మాత్రం చల్లటి తెల్లని మబ్బులా నేల వెంబడి గాలివాటున సాగుతుంది. నాలుగైదు రోజులు రాత్రి షిఫ్టులో గాలి దిశను చూపే గుడ్డ గొట్టం, అంటే విండ్ సాక్, ఎటు తిరిగి ఉందో గేటు రిజిస్టరులో గంటగంటకూ రాయిస్తే గార్డు మాట నిజమో కాదో తేలిపోతుంది. రుతువును బట్టి గాలి మారుతుంది కాబట్టి, ఆ నాలుగైదు రోజుల లెక్కనే ఏడాదంతటికీ వర్తింపజేయవద్దు.

ఐదో అడుగు: పాఠాన్ని ఒక్క వాక్యంలో రాయండి

జరిగినదాన్ని తిరిగి చెబితే అది పాఠం కాదు. “సైరన్ ఆరు నిమిషాలు ఆలస్యమైంది” అన్నది గమనిక. “లీకును మొదట చూసినవారికే సైరన్ మోగించే అధికారం లేకపోతే, ఫోను ఎత్తే దాకా ప్లాంటంతా ఆగుతుంది” అన్నది పాఠం. తేడా ఏమిటంటే, రెండోది పక్క ప్లాంటులోని మనిషి చదివినా తన ప్రణాళిక తీసి చూసుకుంటాడు. మిగతా రెండూ ఇలా వస్తాయి: “మూసిన ఫ్రీజర్ గదిలోకి ఆవరణ సైరన్ చేరదు, అక్కడున్నవారికి వేరే కబురు దారి ఉండాలి.” “ఒకే అసెంబ్లీ పాయింట్ ఒక గాలివాటుకే పనికొస్తుంది.”

పాఠాల్లో పేర్లు రాయకండి. చిన్న ప్లాంటులో హోదా రాసినా మనిషి తెలిసిపోతాడు, కాబట్టి “కంప్రెసర్ డ్యూటీలో” లాంటి మాటలు వాడండి. ఈసారి నిజం చెప్పిన ఆపరేటరుకు మెమో వెళితే, వచ్చే సమీక్షలో రికార్డింగు నిండా మెచ్చుకోళ్లే ఉంటాయి.

బాగా జరిగినవి కూడా ఇదే పద్ధతిలో రాయండి, కారణంతో సహా. 186 మందిని ఐదు నిమిషాల్లో లెక్కపెట్టగలిగారంటే, బహుశా విభాగాలవారీగా వరుసలు కట్టించడం వల్ల కావచ్చు. ఆ ఏర్పాటు రేపు ఎవరో అనవసరమనుకుని తీసేయకుండా ఉండాలంటే అది కాగితం మీద ఉండాలి.

ఆరో అడుగు: పని, మనిషి, తేదీ, రుజువు

ప్రతి కారణానికీ ఒక పని రాసేటప్పుడు క్రియాపదాన్ని పట్టి చూడండి. “అవగాహన కల్పించాలి”, “జాగ్రత్త వహించాలి”, “చూసుకోవాలి”, “మెరుగుపరచాలి” లాంటి మాటలుంటే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు, పూర్తయిందో లేదో ఎవరూ చెప్పలేరు. “మార్చి సంతకం చేయాలి”, “బిగించాలి”, “గీయాలి”, “మోగించి చూడాలి” అన్నవాటికి ముగింపు ఉంటుంది.

బాధ్యులు ఒక్కరే ఉండాలి. “మెయింటెనెన్స్ మరియు సేఫ్టీ విభాగాలు” అని రాస్తే ఒకరు రెండోవారి కోసం ఎదురుచూస్తారు. సహాయం చేసేవాళ్లు ఎందరైనా ఉండవచ్చు, అడిగితే జవాబు చెప్పేది మాత్రం ఒకరే. ఇంకో పెద్ద చిక్కు ఏమిటంటే, అన్ని పనులూ సేఫ్టీ ఆఫీసరు పేరుమీద వేసేయడం. పట్టిక చూడటానికి బాగుంటుంది, కానీ ప్రణాళిక మీద ఆయన సంతకం చెల్లదు, కొనుగోలుకు ఆయన దగ్గర డబ్బు ఉండదు. ఆ పని చేతిలో ఉన్నదెవరో వారినే బాధ్యులుగా పెట్టండి. సేఫ్టీ ఆఫీసరుకు సరైన పాత్ర, పని నిజంగా అయిందో లేదో సరిచూడటం.

మన డ్రిల్‌కు పనుల పట్టిక ఇలా వస్తుంది. అసలు రిపోర్టులో హోదా పక్కన పేరు కూడా రాయండి.

*సైరన్ అధికారం.* పని: ప్రణాళికలోని “షిఫ్ట్ ఇన్‌ఛార్జి అనుమతితో” అన్న వాక్యం తీసేసి, “లీకును మొదట గుర్తించినవారు వెంటనే సైరన్ మోగించి, ఆ తర్వాత ఇన్‌ఛార్జికి తెలపాలి” అని మార్చి సంతకం చేయడం, ప్రతి సైరన్ బటన్ పక్కనా ఆ వాక్యం అతికించడం. బాధ్యులు: ప్లాంటు మేనేజరు, ఎందుకంటే ప్రణాళిక మీద సంతకం ఆయనది. గడువు: ఏడు రోజులు. రుజువు: సంతకమైన పేజీ, అన్ని బటన్ల దగ్గరి ఫొటోలు, మూడు షిఫ్టుల ఆపరేటర్లూ చదివి చేసిన సంతకాలు. తాత్కాలిక ఏర్పాటు: ఈ రాత్రి షిఫ్టు నుంచే మేనేజరు రాతపూర్వక ఆదేశం.

*ఫ్రీజర్ గది.* పని: ఫ్రీజర్ గదుల్లో ఆవరణ సైరన్‌తో కలిసి పనిచేసే హారన్, తిరిగే లైటు బిగించడం. బాధ్యులు: ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి. గడువు: 45 రోజులు. బ్లాస్ట్ ఫ్రీజర్‌లో చలి మైనస్ 40 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి మామూలు హారన్ పనికిరాదు, ఆ చలికి తగిన సామాను తెప్పించాలి. అందుకే గడువు ఎక్కువ. కొనుగోలు అనుమతి వేరే వరుసగా, మేనేజరు పేరుమీద, ఐదు రోజుల గడువుతో ఉండాలి, లేకపోతే ఆలస్యమంతా ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి మీద పడుతుంది. రుజువు: తలుపు మూసి, ఫ్యాన్లు తిరుగుతుండగా లోపలి మనిషికి వినపడిందని, కనపడిందని సేఫ్టీ ఆఫీసరు సంతకం. తాత్కాలిక ఏర్పాటు: ఫ్రీజర్‌లోకి వెళ్లేవారి పేరు తలుపు దగ్గరి బోర్డు మీద రాయడం, బయట ఒక మనిషిని ఉంచడం. సైరన్ మోగగానే తలుపు తెరిచి వాళ్లను పిలిచి, వారితో కలిసి బయటపడటం ఆ మనిషి పని.

*లోపలికి తిరిగి వెళ్లడం.* పని: లెక్క తక్కువ వస్తే ఎవరికి చెప్పాలో, శ్వాస పరికరం ధరించిన జట్టు తప్ప వేరెవరూ లోపలికి వెళ్లకూడదని ఒక్క పేజీ నిబంధన రాసి, అసెంబ్లీ పాయింట్ దగ్గర కార్మికులకు అర్థమయ్యే భాషల్లో పెట్టడం. బాధ్యులు: ప్రొడక్షన్ మేనేజరు, సూపర్‌వైజర్లు ఆయన కిందే ఉంటారు కాబట్టి. గడువు: పది రోజులు. రుజువు: ముందుగా చెప్పకుండా ఒక చిన్న లెక్కల డ్రిల్ పెట్టి, కావాలని ఒకరిని తగ్గించి చూడటం.

*రెండో అసెంబ్లీ పాయింట్.* పని: పడమటి ప్రహరీ బయట, కంప్రెసర్ గదికి తగినంత దూరంలో స్థలం ఎంచి, అక్కడికి వెళ్లే గేటుకు రాత్రి తాళం ఉండకుండా చేయడం, ఎటు వెళ్లాలో విండ్ సాక్ చూసి మైకులో ప్రకటించే బాధ్యత ఒక డ్యూటీకి అప్పగించడం. బాధ్యులు: అడ్మిన్ మేనేజరు. గడువు: 30 రోజులు. రుజువు: రాత్రిపూట నడిచి చూసిన నివేదిక. తాత్కాలిక ఏర్పాటు: రాత్రి షిఫ్టు గార్డుకు ఇప్పుడే గేటు తాళంచెవి, విండ్ సాక్ మీదికి వెలుతురు.

నాలుగు పనులు చాలు. సమీక్షలో వచ్చిన పదిహేను సలహాలనూ పట్టికలో పెడితే ముఖ్యమైనవి వాటి మధ్య కనపడకుండా పోతాయి. మిగతావాటిని అనుబంధంగా, “పరిశీలనలో ఉన్నవి” అని ఒక పేరాలో రాసి వదిలేయండి.

ఏడో అడుగు: పంపే ముందు ఇద్దరితో మాట్లాడండి

మొదట బాధ్యులతో మాట్లాడాలి. ఎవరి పేరుమీద పని రాశారో వారికి ఫోను చేసి, “ఈ తేదీకి అవుతుందా, కాకపోతే ఏం అడ్డం?” అని అడగండి. ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి హారన్ రావడానికే ఆరు వారాలు పడుతుందంటే, గడువును 60 రోజులు చేసి తాత్కాలిక ఏర్పాటును గట్టిపరచండి. సమావేశంలో అందరిముందు తల ఊపిన మాట ఒప్పుకోలు కాదు, చాలాసార్లు అది మర్యాద మాత్రమే.

ఆ తర్వాత, మాట చెప్పినవారితో. సూపర్‌వైజరమ్మకు, గార్డుకు వాళ్ల మాట ఆధారంగా రాసిన వాక్యాన్ని చదివి వినిపించండి. “మీరన్నది ఇదేనా అమ్మా?” అని అడిగితే, కొన్నిసార్లు ఇంకో నిజం బయటపడుతుంది. ఆమె ఇలా అనవచ్చు: “వాళ్లు నైట్ షిఫ్టు వాళ్లండీ, ఆ రోజు ఓవర్‌టైంకి ఆగారు. డ్రిల్ ఉందని వాళ్లకసలు చెప్పలేదు.” అప్పుడు షిఫ్టు మించి ఆగినవారి పేర్లు లెక్కల జాబితాలోకి ఎలా వస్తాయన్న కొత్త ప్రశ్న మొదలవుతుంది. దాన్ని ఇప్పుడే చేర్చుకోండి.

రిపోర్టు రెండు పేజీలు దాటకూడదు. పనుల పట్టిక మొదటి పేజీలోనే ఉండాలి, కాలక్రమం, పాఠాలు ఆ తర్వాత. పైవాళ్లు మొదటి పేజీయే చదువుతారు, వాళ్ల సంతకం కావాల్సింది ఆ పేజీ మీదే.

ఎనిమిదో అడుగు: మూసివేత

“పూర్తయింది” అని బాధ్యుడు రాసినంత మాత్రాన వరుస మూయకండి. రుజువు చూసి, బాధ్యుడు కాని ఇంకొకరు సంతకం చేసినప్పుడే మూయాలి. బిల్లు వచ్చింది, హారన్ స్టోరులో ఉంది అంటే పని కాలేదు. గడువు దాటిన వరుసను తేదీ దిద్ది కొత్తగా రాయవద్దు. పాత తేదీ కనపడేలా ఉంచి, పక్కన కొత్త తేదీ, కారణం రాయండి. ఒకే వరుసలో మూడు తేదీలు కనపడితే, ఆ పనికి బాధ్యుణ్ణో, పనినో మార్చాల్సిన సమయం వచ్చిందన్నమాట.

తర్వాతి డ్రిల్‌ను ఈ పట్టిక చూసే తయారుచేయండి. మన ఉదాహరణలో అది రాత్రి షిఫ్టులో జరగాలి, ఫ్రీజర్‌లో మనుషులు ఉండగా జరగాలి, షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోను ఎత్తకుండా ఉండేలా ముందే ఏర్పాటు చేయాలి, లారీ డ్రైవర్లను కూడా లెక్కలో చేర్చాలి. పరిశీలకుల షీటులో ఈ నాలుగింటికీ ఖాళీ గడులు ముందే గీసి ఉంచండి.

రిపోర్టుకు ఆమోదం వచ్చాక రికార్డింగు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుందో, ఏ రోజు తుడిచేస్తారో ఒక వాక్యం రాసి, సమీక్షలో మాట్లాడినవారందరికీ చెప్పండి. చెప్పిన రోజున ఫోనులోంచి, కంప్యూటర్‌లోంచి, వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేయండి. కాలక్రమం, పరిశీలకుల షీట్లు, సంతకాల పట్టిక మాత్రం ఫైలులో ఉంటాయి. తనిఖీకి వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు చూపించాల్సినవి అవే.